పీడీఎఫ్‌లో కొన్ని పేజీలకే ఆఫీసు సీలు: తెల్ల డబ్బా రాకుండా, సరైన చోట పడేలా

ప్రశ్న: అన్నా, హన్మకొండలో ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో ఆపరేటర్‌ని. 64 పేజీల టెండర్ పీడీఎఫ్‌లో 11 పేజీల మీద మాత్రమే మా ఫర్మ్ గుండ్రటి సీలు పడాలి (3, 9, 17 నుంచి 22, 41, 58, 64). సీలును ఫోన్‌తో ఫొటో తీసి పెడితే వెనక తెల్ల డబ్బా వచ్చి సంతకాన్ని కప్పేస్తోంది. ట్రాన్స్‌పరెన్సీ 50 శాతం పెడితే సీలు వెలిసిపోతోంది. 41వ పేజీలో అడ్డంగా తిరిగి పడింది, 58లో చీమంత కనిపిస్తోంది. ఎల్లుండి అప్‌లోడ్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

తమ్ముడూ, నీ ఫైల్లో రెండు వేరు వేరు తప్పులు కలిసిపోయాయి. తెల్ల డబ్బా, వెలిసిపోవడం సీలు బొమ్మలో ఉన్న లోపం. అడ్డంగా తిరగడం, చీమంత కావడం పేజీల తిప్పుడులో, సైజులో ఉన్న లోపం. ఒక్క సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన ఈ రెండూ పోవు. అందుకే ముందు బొమ్మను బాగు చేసి, తర్వాత పేజీల దగ్గరికి వద్దాం. నయీంనగర్‌లో నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. టెండర్లు పడే రోజుల్లో నీలాంటి కేసు కనీసం ఒకటైనా వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇది మీ ఫర్మ్ సీలు, మీ ఓనర్ ఒప్పుకున్నాడు కాబట్టి చెబుతున్నాను. ఆ 11 పేజీల్లో నోటరీ సీలు గానీ, గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ గానీ ఉండాల్సిన పేజీ ఏదైనా ఉంటే దాని జోలికి పోకు. ఇంకొకరి సీలును స్కాన్ చేసి అంటిస్తే అది ఫోర్జరీ. అట్లాగే టెండర్ షరతుల్లో ఇంకుతో వేసిన సీలే కావాలని రాసి ఉంటే ప్రింట్ తీసి, సీలు కొట్టి, స్కాన్ చేయడం తప్ప దారి లేదు. ఆ షరతు ఉందేమో ఒకసారి చదువుకో.

ఇక సీలు. ఫోన్ ఫొటోను పక్కన పడెయ్. ఫోన్‌తో తీస్తే కాగితం ఒక మూల తెల్లగా, ఇంకో మూల నీడగా వస్తుంది. కొంచెం వాలుగా పట్టుకున్నా గుండ్రటి సీలు కోడిగుడ్డు అవుతుంది. మామూలు తెల్ల జిరాక్స్ కాగితం తీసుకో, గీతలు ఉండొద్దు. కింద ఒక నోటుబుక్ పెట్టి పది సార్లు సీలు కొట్టు. ప్యాడ్ మీద అప్పుడే ఇంకు పోసి ఉంటే మొదటి రెండు మూడు ముద్రల్లో అక్షరాల కడుపులు నిండిపోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకు. అయిదోదో ఆరోదో బాగుంటుంది. అంచు అంతా తెగకుండా, అక్షరాలు విడివిడిగా ఉన్నదాన్ని ఎంచుకో. పూర్తిగా ఆరనివ్వు, లేకపోతే స్కానర్ అద్దానికి ఇంకు అంటుతుంది.

దాన్ని 600 డీపీఐలో, కలర్‌లో స్కాన్ చెయ్. బ్లాక్ అండ్ వైట్ పెడితే అంచులు రంపం పళ్లలా వస్తాయి. పీఎన్‌జీగా గానీ టిఫ్‌గా గానీ సేవ్ చెయ్. జేపెగ్ వద్దు, ఎందుకంటే అది ఇంకు చుట్టూ చిన్న చిన్న మురికి చుక్కలు పుట్టిస్తుంది, తర్వాత తెలుపు తీసేటప్పుడు అవే మనకు అడ్డం పడతాయి. మీ సీలు అడ్డంకొలత స్కేలుతో చూసుకో. మన దగ్గర చేసే గుండ్రటి సీళ్లు 38 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి ఇక్కడ 38 అనుకుని లెక్క చెబుతాను. 600 డీపీఐలో 38 మిల్లీమీటర్లంటే దాదాపు 900 పిక్సెళ్లు. మనకు అది చాలు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు 50 శాతం పెట్టినప్పుడు ఏం జరిగిందో చూడు. నీ బొమ్మలో సీలు ఒక్కటే లేదు, దాని చుట్టూ తెల్ల కాగితం కూడా ఉంది. 50 శాతం అన్నది రెండింటికీ సమానంగా తగిలింది. ఇంకు సగం వెలిసింది, తెల్ల కాగితం సగం పొగమంచులా మిగిలి కింద ఉన్న అక్షరాలను బూడిద రంగు చేసింది. మనకు కావలసింది అది కాదు. కాగితం పూర్తిగా పోవాలి, ఇంకు తన రంగుతోనే ఉండాలి, ఇంకు పలచగా పడ్డ చోట మాత్రం అంతే పలచగా కింది అక్షరం కనిపించాలి. నిజం సీలు సంతకం మీద కొట్టినప్పుడు కనిపించేది అట్లాగే కదా.

దీనికి జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. స్కాన్‌ను అందులో తెరిచి, నువ్వు ఎంచుకున్న ఒక్క ముద్ర చుట్టూ కొంచెం ఖాళీ ఉంచి క్రాప్ చెయ్. వంకరగా ఉంటే తిప్పి నిటారు చెయ్. తర్వాత Colors మెనూలో Levels తెరువు. నీ కంటికి కాగితం తెల్లగానే కనిపిస్తుంది, కానీ స్కానర్ దాన్ని 255 తెలుపుగా పట్టదు, 240, 245 దగ్గర ఎక్కడో పట్టి ఉంటుంది. అందుకని Levels లో కుడి చివర ఉన్న తెల్ల ముక్కోణాన్ని ఎడమకు, దాదాపు 230 దాకా జరుపు. కాగితం ధగధగ తెల్లబడాలి, ఇంకు పలచబడకూడదు. పలచబడుతుంటే ఎక్కువ జరిపావన్న మాట, కొంచెం వెనక్కి రా.

ఇది అయ్యాక అదే Colors మెనూలో Color to Alpha. రంగు తెలుపే ఉండాలి. OK కొడితే కాగితం పోయి గళ్ల బ్యాక్‌గ్రౌండ్ కనిపిస్తుంది. చాలామంది దీనికి బదులు మంత్రదండం గుర్తుతో తెల్ల భాగాన్ని ఎంచి డిలీట్ కొడతారు. ఆ పద్ధతిలో ప్రతి పిక్సెల్‌కు ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు, మధ్యస్థం అనేది లేదు. ఇంకుకూ కాగితానికీ మధ్య ఉండే లేత పిక్సెళ్లు తెల్లటి అంచులా మిగిలిపోతాయి. బూడిద రంగు స్కాన్ పేజీ మీద పెడితే సీలు చుట్టూ తెల్ల దారం కట్టినట్టు కనిపిస్తుంది. Color to Alpha అట్లా చేయదు. ప్రతి పిక్సెల్‌లో తెలుపు ఎంత కలిసి ఉందో లెక్క కట్టి అంత మేరకే దాన్ని పారదర్శకం చేస్తుంది.

లెక్క ఎట్లా ఉంటుందో ఒక పిక్సెల్‌తో చూద్దాం. వంగపండు రంగు ఇంకులో ఒక చుక్క ఎరుపు 80, ఆకుపచ్చ 60, నీలం 160 అనుకో. అందులో తెలుపుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది ఆకుపచ్చ, 255 నుంచి 195 తగ్గింది. 195ను 255తో భాగిస్తే 0.76. అంటే ఆ చుక్క 76 శాతం గట్టిగా ఉంటుంది, మిగతా 24 శాతం కింద ఉన్నది కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద ఇది మొదటి రంగులాగే కనిపిస్తుంది. నల్ల అక్షరం మీద పడితే దాదాపు 20, 0, 100 అనే ముదురు నీలం వస్తుంది. చుట్టూ ఉన్న ఇంకు కంటే అది ముదురు కాబట్టి అక్షరం చదవడానికి వస్తుంది. నువ్వు శాతాలు పెట్టాల్సిన అవసరమే ఉండదు, ఇంకే తన శాతం తెచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక పరీక్ష చెయ్, ఇది దాటవేయొద్దు. జింప్‌లో కొత్త లేయర్ ఒకటి చేసి ఎర్ర రంగు నింపి సీలు కింద పెట్టు. సీలు చుట్టూ లేత చతురస్రం మసగ్గా కనిపిస్తే కాగితం పూర్తిగా పోలేదు. Ctrl+Z తో వెనక్కి వచ్చి Levels మళ్లీ చెయ్. చతురస్రం లేకుండా అక్కడక్కడా చుక్కలు మాత్రమే ఉంటే అవి దుమ్ము, రబ్బరు టూల్‌తో తుడిచెయ్. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద చూస్తే ఈ లోపం ఎంత వెతికినా కనిపించదు, అందుకే ఎరుపు. తర్వాత ఆ ఎర్ర లేయర్ తీసేసి, Image మెనూలో Crop to Content కొట్టి పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చెయ్. ఖాళీ అంచు మిగిలితే తర్వాత 38 మిల్లీమీటర్లు అని కొట్టినప్పుడు ఆ ఖాళీని కూడా కలిపి లెక్క వేస్తుంది, సీలు చిన్నదవుతుంది.

ఈ పీఎన్‌జీని ఇంకో కంప్యూటర్‌కు పంపాలంటే వాట్సాప్‌లో ఫొటోగా పంపకు. ఫొటోగా పంపితే అది జేపెగ్ అయిపోతుంది, జేపెగ్‌లో పారదర్శకత ఉండదు. ఇంత కష్టపడి తీసిన బ్యాక్‌గ్రౌండ్ నల్లగానో తెల్లగానో తిరిగొస్తుంది. పంపాల్సే వస్తే డాక్యుమెంట్‌గా పంపు.

బొమ్మ అయిపోయింది. ఇప్పుడు దాన్ని ఒక్కో పేజీ మీద మౌస్‌తో పెట్టుకుంటూ పోకు. 11 పేజీల్లో 11 చోట్ల పడుతుంది, చూస్తే అసహ్యంగా ఉంటుంది. ఇంకో తిప్పలు కూడా ఉంది. అడోబ్ రీడర్‌లో కామెంట్ల కింద ఉండే స్టాంప్‌తో వేస్తే అది పేజీలో కలవదు, కాగితం మీద పిన్ను పెట్టినట్టు పైన ఉంటుంది. ఎవరైనా పట్టి జరపొచ్చు, తీసేయొచ్చు. ప్రింట్ బాక్సులో Comments & Forms దగ్గర Document అని ఉంటే ఆ స్టాంపు అసలు ప్రింటే కాదు. స్క్రీన్ మీద ఉంది, కాగితం మీద లేదని షాపుకు వచ్చి నా ప్రింటర్‌ను తిట్టినవాళ్లు ఉన్నారు.

నేను చేసే పద్ధతి వేరు. ఖాళీ ఏ4 పేజీ మీద సరైన చోట సీలు ఒక్కటే ఉన్న పీడీఎఫ్ తయారు చేస్తాను. గాజు కాగితం లాంటిది అనుకో. దాన్ని మనకు కావలసిన పేజీల మీద పరుస్తాను. చోటు ఒక్కసారి సరిగా పెడితే అన్ని పేజీల్లో అదే చోట పడుతుంది.

గాజు కాగితం తయారు చేయడానికి లిబ్రేఆఫీస్ డ్రా వాడు. పేజీ ఏ4, నిలువు, Page Properties లో మార్జిన్లు నాలుగూ 0. Insert మెనూలో Image తో సీలు తెచ్చుకుని, దాన్ని ఎంచి F4 కొట్టు. Keep ratio టిక్ పెట్టి వెడల్పు 38 మిల్లీమీటర్లు ఇవ్వు. పొజిషన్ పేజీ పై ఎడమ మూల నుంచి లెక్క. సీలు కుడి అంచుకు 15, కింది అంచుకు 20 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలంటే, ఏ4 వెడల్పు 210లోంచి 38, 15 తీసెయ్, X 157 వస్తుంది. ఎత్తు 297లోంచి 38, 20 తీసెయ్, Y 239. ఈ రెండూ కొట్టి పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్, పేరు seal-p.pdf. ఎక్స్‌పోర్ట్ బాక్సులో Lossless compression ఎంచుకో, Reduce image resolution టిక్ తీసెయ్, PDF/A టిక్ కూడా తీసెయ్. పీడీఎఫ్/ఎ-1 అనే రకంలో పారదర్శకతకు చోటే లేదు, ఆ టిక్ ఉంటే మళ్లీ మొదటికే వస్తాం.

ఇక్కడితో ఆగి నీ 11 పేజీలను ఒక్కొక్కటిగా చూసుకో. మీ సంతకం అన్నిట్లో కింద కుడి వైపే ఉందా? అనెక్జర్లు, అంటే నీ 17 నుంచి 22, మామూలుగా అట్లాగే ఉంటాయి. కానీ 9వ పేజీ లెటర్ అయి ఉంటే అది సగం పేజీలోనే ముగుస్తుంది, సంతకం మధ్యలో ఉంటుంది. అప్పుడు ఆ పేజీ ప్రింట్ తీసి స్కేలుతో కొలువు. ప్రింట్ Actual size లో తీయాలి, Fit లో తీస్తే కొలతలు తప్పుతాయి. సంతకం ఎడమ నుంచి 130 దగ్గర మొదలై 170 దగ్గర ముగిసింది, పైనుంచి 168 మిల్లీమీటర్ల దగ్గర ఉంది అనుకుందాం. సీలు సంతకం తోకను తాకాలి, కింద టైపు చేసిన పేరును, తేదీని తాకకూడదు. కాబట్టి X 155 ఇద్దాం. ఎత్తు సీలు నడుమకు రావాలి కాబట్టి 168లోంచి సగం సీలు, అంటే 19 తీసేస్తే Y 149. దీన్ని seal-9.pdf అని వేరుగా ఎక్స్‌పోర్ట్ చెయ్.

కొందరు సీలును కావాలని అయిదారు డిగ్రీలు వంచి పెడతారు, చేత్తో కొట్టినట్టు కనిపించాలని. నేను పెట్టను. స్కాన్ సీలును స్కాన్ సీలులాగే ఉండనిస్తేనే మంచిది, దాచడానికి ప్రయత్నిస్తే చూసేవాడికి అనుమానం మొదలవుతుంది.

ఇప్పుడు పరిచే పని. దీనికి క్యూపీడీఎఫ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వాడతాను. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీలో టైపు చేయాలి, భయపడకు, మొత్తం అయిదు లైన్లే. ఇంటర్నెట్‌లో ఉచితంగా సీలు వేసిపెట్టే సైట్లు చాలా ఉన్నాయి, కానీ మీ రేట్లు ఉన్న టెండర్‌నూ మీ ఆఫీసు సీలునూ ఊరూ పేరూ తెలియని సర్వర్‌కు ఎక్కించడం నాకు నచ్చదు.

నేరుగా 11 పేజీలకూ వేసెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. వేస్తే నీకు వచ్చిన రెండో తిప్పలే మళ్లీ వస్తుంది. పేజీల సైజు చూడు. రీడర్‌లో ఆ పేజీ మీద ఉండి Ctrl+D కొడితే Page Size కనిపిస్తుంది. ఏ4 అంటే 210 బై 297 మిల్లీమీటర్లు, పీడీఎఫ్ కొలతలో 595 బై 842 పాయింట్లు, ఒక అంగుళానికి 72 పాయింట్ల లెక్క. నీ 58వ పేజీ అక్కడ 87 సెంటీమీటర్ల వెడల్పు చూపిస్తే ఆశ్చర్యపోకు. ఫోన్ స్కానర్ యాప్‌లు కొన్ని ఇట్లాగే చేస్తాయి. బొమ్మ 2480 పిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెల్‌ను ఒక్కో పాయింట్‌గా లెక్క కట్టి పేజీని 2480 పాయింట్లు చేసేస్తాయి. స్క్రీన్ మీద ఒక్కో పేజీని Fit లో చూస్తే అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి కాబట్టి మనకు తెలియదు. 38 మిల్లీమీటర్ల సీలు ఆ పెద్ద పేజీ మీద 38గానే పడుతుంది, ప్రింట్‌లో ఆ పేజీ ఏ4కు కుదించుకుపోయినప్పుడు సీలు 9 మిల్లీమీటర్లు అవుతుంది. బొట్టుబిళ్లంత అన్న మాట. నీకు చీమంత కనిపించింది ఇందుకే. పైగా క్యూపీడీఎఫ్ పెద్ద పేజీ మీద గాజు కాగితాన్ని సాగదీయదు, నడుమ పెడుతుంది, కాబట్టి సీలు మూలకు కాకుండా పేజీ మధ్యలో ఎక్కడో పడుతుంది.

కాబట్టి 58ని ముందు ఏ4 చెయ్. ఆ ఒక్క పేజీని బయటికి తీయి:

```
qpdf tender.pdf --pages . 58 -- p58.pdf
```

దాన్ని రీడర్‌లో తెరిచి, ప్రింటర్ దగ్గర Microsoft Print to PDF ఎంచి, కాగితం ఏ4, సైజు Fit పెట్టి ప్రింట్ కొట్టు. p58-a4.pdf అని సేవ్ చేసి దాని చోటులో తిరిగి పెట్టు:

```
qpdf tender.pdf --pages . 1-57 p58-a4.pdf 1 . 59-z -- tender-a4.pdf
```

ఇందులో చుక్క అంటే మొదట చెప్పిన ఫైలే, z అంటే చివరి పేజీ. అయ్యాక మొత్తం 64 పేజీలు ఉన్నాయో లేదో చూసుకో.

41వ పేజీ సంగతి వేరు. అది అడ్డం పేజీ, టర్నోవర్ పట్టికో ఇంకేదో అయి ఉంటుంది. అడ్డం పేజీల్లో రెండు రకాలు. కొన్ని పుట్టుకతోనే అడ్డం. కొన్ని లోపల నిలువుగానే ఉండి, తొంభై డిగ్రీలు తిప్పి చూపించు అనే గుర్తు మాత్రం తగిలించుకుని ఉంటాయి. నువ్వు వాడిన సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును పట్టించుకోకుండా సీలు వేసింది, అందుకే సీలు పడుకుంది. క్యూపీడీఎఫ్ ఆ గుర్తును చదివి, మనం చూసే వైపుకే నిటారుగా వేస్తుంది. కానీ నిలువు గాజు కాగితాన్ని అడ్డం పేజీలో పట్టించడానికి 0.7 వంతుకు కుదిస్తుంది. సీలు 27 మిల్లీమీటర్లు అయిపోయి, మూలను వదిలి లోపలికి జరుగుతుంది. అందుకని అడ్డం పేజీకి అడ్డం గాజు కాగితమే చెయ్. డ్రాలో పేజీని Landscape చేసి, అవే అంచులతో X 244, Y 152 ఇవ్వు. పేరు seal-l.pdf.

ఇక మూడు లైన్లు, ఒకదాని తర్వాత ఒకటి:

```
qpdf tender-a4.pdf --overlay seal-p.pdf --to=3,17-22,58,z --from= --repeat=1 -- s1.pdf
qpdf s1.pdf --overlay seal-9.pdf --to=9 --from= --repeat=1 -- s2.pdf
qpdf s2.pdf --overlay seal-l.pdf --to=41 --from= --repeat=1 -- tender-seal.pdf
```

--to దగ్గర ఉన్నవి సీలు పడాల్సిన పేజీలు. --from= ఖాళీగా వదిలి --repeat=1 అంటే గాజు కాగితం ఫైలులోని మొదటి పేజీనే అన్నిటి మీదా మళ్లీ మళ్లీ వాడమని. ఈ రెండూ మరిచిపోతే జాబితాలోని మొదటి పేజీ మీద మాత్రమే పడి మిగతావి ఖాళీగా ఉంటాయి. ఇంకొకటి, ఈ అంకెలు ఫైల్లో వరస లెక్క, పేజీ కింద అచ్చైన నంబర్ కాదు. ముందు అట్ట, విషయసూచిక ఉంటే అచ్చులో 17 ఉన్నది ఫైల్లో 19 కావొచ్చు. నువ్వు ఇచ్చిన 11 అంకెలు ఏ లెక్కో చూసుకో, సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి.

సీలు వేసిన పేజీల్లో అక్షరాలన్నీ మాయమై తెల్ల పేజీ మీద సీలు ఒక్కటే కనిపిస్తే, డ్రాలో పేజీకి తెల్ల రంగు నిండి ఉందని అర్థం. Page Properties లో Background ను None చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్.

చూసుకోవడం ఎట్లాగంటే, 9వ పేజీని 400 శాతం జూమ్ చెయ్. సీలు కిందుగా సంతకం గీత తెగకుండా కనిపించాలి. టైపు చేసిన పేజీ అయితే సీలు మీదుగా మౌస్ లాగి అక్షరాలను సెలెక్ట్ చేసి చూడు, సెలెక్ట్ అవుతాయి. తర్వాత 3, 41, 58 మూడూ Actual size లో ప్రింట్ తీసి స్కేలు పెట్టు. మూడింట్లోనూ 38 మిల్లీమీటర్లు రావాలి. ఏదైనా ఒకదానిలో 27 దగ్గర వస్తే అడ్డం పేజీ మీద నిలువు కాగితం పడింది. పేజీ అంచులు తెగి కొంత భాగమే ప్రింటైతే పేజీ సైజు ఇంకా పెద్దదే. ప్రింట్ తీసి కొలిస్తేనే దొరికే తప్పులు ఇవి, స్క్రీన్ మీద చూపుకు దొరకవు.

ఇంత పారదర్శకంగా, ఇంత శుభ్రంగా చేసిన సీలుతో ఒక ఇబ్బంది ఉంది. పీడీఎఫ్ లోపల అది విడి బొమ్మగానే ఉంటుంది. తెలిసినవాడు ఆ ఫైల్లోంచి నీ సీలును బ్యాక్‌గ్రౌండ్ లేకుండా నిమిషంలో బయటికి లాగొచ్చు. టెండర్ పోర్టల్‌కు అయితే ఇట్లాగే ఎక్కించు, కానీ సబ్‌కాంట్రాక్టర్లకూ సప్లయర్లకూ మెయిల్ చేసే కాపీలైతే నేను పేజీలను 200 డీపీఐ బొమ్మలుగా మార్చి పంపుతాను. అప్పుడు సీలు, అక్షరాలు ఒకే బొమ్మలో కలిసిపోతాయి. ఫైలు బరువు పెరుగుతుంది, అక్షరాలు వెతకడానికి రావు. ఒరిజినల్ పీఎన్‌జీ మాత్రం ఆఫీసు డెస్క్‌టాప్ మీద వదలకు, ఓనర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టించు.

చివరగా డీఎస్సీ. టీచర్ పరీక్ష కాదు, డిజిటల్ సిగ్నేచర్. సీళ్లన్నీ పడ్డాక, ప్రింట్ తీసి చూసుకున్నాక మాత్రమే ఓనర్ టోకెన్ పెట్టి సంతకం చేయాలి. సంతకం చేసిన ఫైల్ మీద సీలు వేస్తే ఫైలు మారిపోతుంది, సంతకం చెల్లదు. కొన్నేళ్ల కింద ఒక పార్టీ ఫైలుకు నేనే ఈ పొరపాటు చేశాను. సంతకం అయ్యాక ఒక పేజీకి సీలు మరిచామని హడావుడిగా వేశాను. రీడర్‌లో తెరిస్తే సంతకం చెల్లదని చూపించింది. ఆ పెద్దమనిషి టోకెన్ పట్టుకుని కాజీపేట నుంచి రాత్రి తొమ్మిదింటికి మళ్లీ రావాల్సి వచ్చింది. అందుకే tender-seal.pdf మీద సంతకం అయ్యాక దాన్ని ఇంకే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరిచి సేవ్ చేయకు. సీలు మరిచిన పేజీ ఉందని అప్పుడు గుర్తొస్తే సంతకం లేని s2.pdf దగ్గరికి వెనక్కి వెళ్లి, ఆ పేజీని కూడా కలిపి మళ్లీ చేసుకో. ఆ s1, s2 ఫైళ్లను అప్‌లోడ్ అయ్యేదాకా డిలీట్ చేయకు.